పలాసలో ఎన్‌వీఆర్, హైదరాబాద్‌లో నేను: పోర్ట్ ఓపెన్ కాకపోవడానికి సీజీనాట్ కారణమా?

ప్రశ్న: "నమస్తే అండి. మాది పలాస, జీడిపప్పు యూనిట్ ఉంది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. యూనిట్‌లో కెమెరాలు రికార్డు చేసే ఎన్‌వీఆర్‌నీ బిల్లింగ్ కంప్యూటర్‌నీ ఇక్కణ్నుంచి చూడాలని రూటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్, డీడీఎన్ఎస్ రెండూ పెట్టాను. పింగ్ వస్తోంది, పోర్ట్ మాత్రం ఓపెన్ అవ్వట్లేదు. రూటర్‌లో వ్యాన్ ఐపీ 192.168.1.2 అని ఉంది, గూగుల్‌లో చూస్తే ఇంకేదో ఐపీ. దీన్నే సీజీనాట్ అంటారా? అయితే ఇంక చేసేదేం లేదా?"

సీజీనాట్ అంటే ఆపరేటర్ ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచడం. ఆ 192.168.1.2 ఒక్కటి చూసి అది ఉందని తేల్చలేం. ఆ అంకె మీ ఆపరేటర్ ఇచ్చిన ఐపీ కాదు, యూనిట్‌లో గోడకి తగిలించిన ఫైబర్ బాక్స్ మీ రూటర్‌కి ఇచ్చినది. చూడాల్సింది ఆ ఫైబర్ బాక్స్ లోపల. అందులో INTERNET అనే వరుసలో ఉన్న ఐపీ, బయట ప్రపంచానికి కనబడే ఐపీ అంకె అంకెకీ కలిస్తే సీజీనాట్ లేదు, మీ సమస్య రెండు పెట్టెల మధ్యే ఉంది, పావుగంటలో పోతుంది. కలవకపోతే సీజీనాట్ ఉన్నట్టే. అప్పుడు మీ ఇంట్లో ఏ పెట్టెలో ఎన్ని పోర్టులు తెరిచినా ఉపయోగం లేదు, ఎందుకంటే తెరవాల్సిన తలుపు మీ ఇంట్లో లేదు. కానీ ఎన్‌వీఆర్ చూడటం మాత్రం అప్పుడు కూడా కుదురుతుంది. బయటినుంచి లోపలికి రావడం మానేసి, లోపలినుంచి బయటికి ఒక టన్నెల్ వేసుకోవాలి. నేను విజయనగరం, శ్రీకాకుళం వైపు మిల్లులకీ షాపులకీ నెట్‌వర్క్ పని చేస్తాను, ఈ మధ్య వచ్చే ఫోన్లలో చాలావరకు ఇదే గోల, కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు ఫైబర్ బాక్స్‌లోకి వెళ్లండి. మీ రూటర్‌కి 192.168.1.2 వచ్చిందంటే ఫైబర్ బాక్స్ అడ్రస్ దాదాపు 192.168.1.1 అయ్యుంటుంది. యూనిట్‌లో ఎవరిచేతైనా బ్రౌజర్‌లో అది కొట్టించండి. లాగిన్ బాక్స్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ ఆపరేటర్ మార్చేసి ఉండొచ్చు, ఫర్వాలేదు, మామూలు యూజర్ లాగిన్‌తో కూడా స్టేటస్ పేజీ కనబడుతుంది, మనకి కావాల్సింది అదే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. WAN పేజీలో ఒక్క వరుస ఉండదు, రెండో మూడో ఉంటాయి. ఒకదాని పేరులో TR069 అని ఉంటుంది, దానికి తరచుగా 10తో మొదలయ్యే ఐపీ ఉంటుంది. అది ఆపరేటర్ తన ఆఫీసు నుంచి మీ బాక్స్‌ని చూసుకోవడానికి పెట్టుకున్న దారి, మీ ఇంటర్నెట్‌తో దానికి సంబంధం లేదు. ల్యాండ్‌లైన్ ఫోన్ ఉంటే దానికింకో వరుస. ఆ 10ని చూసి "అయ్యో సీజీనాట్" అని నాకు ఫొటో పంపినవాళ్లున్నారు, తీరా చూస్తే కింది వరుసలో శుభ్రంగా పబ్లిక్ ఐపీ ఉంది. పేరులో INTERNET అని ఉండి, Connected అని చూపించే వరుసలో ఐపీ మాత్రమే రాసుకోండి.

రెండో ఐపీ, అంటే బయటికి కనబడేది, పలాసలో ఉన్న కంప్యూటర్ నుంచే తీయాలి. మీరు హైదరాబాద్‌లో కూర్చుని గూగుల్‌లో చూస్తే వచ్చేది మీ హైదరాబాద్ లైన్ ఐపీ. ఫోన్‌లో చూస్తే మొబైల్ డేటా ఆపి వైఫై మీదే చూడాలి. వీపీఎన్ ఏదైనా ఉంటే ఆపేయాలి. ఇంకో సంగతి, లైన్‌లో ఐపీవీ6 కూడా ఉంటే ఆ సైట్లు పొడుగాటి ఐపీవీ6 అడ్రస్ చూపించి తికమక పెడతాయి, అందుకే నేను కమాండ్ ప్రాంప్ట్‌లో ఇలా అడుగుతాను:

```
curl -4 ifconfig.me
```

ఈ రెండూ ఒకే సమయంలో, మధ్యలో బాక్స్ రీస్టార్ట్ చేయకుండా తీసుకోవాలి. కరెంటు పోయి వస్తే ఐపీ మారిపోయి, నిన్నటిదీ ఇవాళ్టిదీ పోల్చి తప్పు తీర్పు చెప్పేస్తారు.

ఇప్పుడు పోల్చండి. INTERNET వరుసలో 100.64 నుంచి 100.127 లోపు ఏదైనా ఉంటే ఇంక అనుమానం అక్కర్లేదు. ఆ దాదాపు నలభై రెండు లక్షల అడ్రసులనీ ఆపరేటర్లు ఇలా లోపల వాడుకోవడానికే 2012లో కేటాయించారు. 100 అని ఉన్న ప్రతిదీ అదే అనుకోకండి, 100.20 అయితే అది మామూలు పబ్లిక్ ఐపీ, రెండో అంకె 64కీ 127కీ మధ్య ఉండాలి. 10తో మొదలైనా, 172.16 నుంచి 172.31 లోపు ఉన్నా అది కూడా సీజీనాటే, కొందరు ఆపరేటర్లు పాత ప్రైవేట్ అడ్రసులనే పంచుతారు. ఇవేవీ కాకుండా పబ్లిక్‌లా కనబడే ఐపీ ఉండి, బయట ఐపీతో కలవకపోయినా తీర్పు మారదు. అంకె ఎలా ఉందన్నది గుర్తు మాత్రమే, అసలు పరీక్ష రెండూ కలవడం.

మీరు టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ ఇప్పటికే కంప్యూటర్‌లో వేసుకుని ఉంటే ఒక జాగ్రత్త. అది కూడా అదే 100.64 శ్రేణిలోంచి అడ్రసులు ఇస్తుంది. `ipconfig` కొట్టి అక్కడ 100 చూసి ఆపరేటర్‌తో గొడవ పెట్టుకోవద్దు. చూడాల్సింది కంప్యూటర్‌లో కాదు, ఫైబర్ బాక్స్‌లో.

బాక్స్‌లోకి లాగిన్ అసలు దొరక్కపోతే దారి ఇంకోటుంది. బయట కనబడే ఐపీకే లోపలినుంచి ట్రేస్ కొట్టడం. నరసన్నపేట దగ్గర ఒక రైస్ మిల్లులో నేను చేసింది పెడుతున్నాను, అసలు ఐపీలు మార్చాను:

```
tracert -d -4 203.0.113.45

1   1 ms    192.168.0.1
2   2 ms    192.168.1.1
3   5 ms    100.72.0.1
4   9 ms    10.20.4.1
5   11 ms   203.0.113.45
```

మీలాగే వాళ్లకీ రెండు పెట్టెలు. మొదటి అడుగు వాళ్ల రూటర్, రెండోది ఫైబర్ బాక్స్. పబ్లిక్ ఐపీ ఫైబర్ బాక్స్‌దే అయితే రెండో అడుగులోనే 203.0.113.45 అని వచ్చి ట్రేస్ ఆగిపోవాలి. అలా కాకుండా గడప దాటి, 100.72లోకి వెళ్లి, 10.20లోకి వెళ్లి, ఐదో అడుగులో ఆ ఐపీ దొరికింది. అంటే ఆ ఐపీ ఉన్న యంత్రం మిల్లులో లేదు, ఆపరేటర్ దగ్గర ఎక్కడో ఉంది. కొన్ని లైన్లలో మూడో అడుగు తర్వాత అన్నీ చుక్కలే వస్తాయి, అప్పుడు కూడా గడప దాటిందన్నది మాత్రం తెలుస్తుంది కదా, అది చాలు.

పింగ్ వస్తోందన్నారు, దాన్ని నమ్మకండి. ఆ మిల్లు యజమాని కూడా నాతో ఇదే వాదించారు. "లైన్ బాగానే ఉందండీ, పింగ్ వస్తోంది, మీ సెట్టింగే తప్పు" అని. నేను ఆయన ఫోన్‌లో మొబైల్ డేటా మీద ఆ పబ్లిక్ ఐపీకి పింగ్ పెట్టి, ఫోన్ ఆయన చేతికే ఇచ్చి, ఫైబర్ బాక్స్ ప్లగ్ పీకమన్నాను. ఆయనే పీకారు. దీపాలన్నీ ఆరిపోయాయి, పసుపు ఫైబర్ తీగ ఊరికే వేలాడుతోంది, ఫోన్‌లో మాత్రం 38, 41, 37 మిల్లీసెకన్లు అంటూ జవాబులు వస్తూనే ఉన్నాయి. ఆయన ఫోన్ వైపూ బాక్స్ వైపూ మార్చి మార్చి చూసి "మరి ఎవరు పలుకుతున్నారు?" అన్నారు. పలికేది ఆపరేటర్ పెట్టె. మీ డీడీఎన్ఎస్ పేరు కూడా ఆ పెట్టె వైపే చూపిస్తోంది, కాబట్టి డీడీఎన్ఎస్ పనిచేస్తోంది, పింగ్ పనిచేస్తోంది, మీ ఎన్‌వీఆర్‌కి మాత్రం ఒక్క ప్యాకెట్ కూడా రాదు. మీరు ఈ పరీక్ష చేసేటప్పుడు బాక్స్ ఆపిన మొదటి నిమిషంలోనే చూడండి, ఎక్కువసేపు ఆపితే మామూలు లైన్ ఐపీ కూడా వేరేవాళ్లకి వెళ్లిపోవచ్చు.

ఎందుకు రాదో ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే సెట్టింగులు మారుస్తూనే ఉంటారు. ఆపరేటర్ దగ్గరున్న ఆ పెట్టె ఒక పట్టిక రాసుకుంటుంది: ఫలానా 100.72 ఐపీ నుంచి ఫలానా పోర్టు బయటికి వెళ్లింది, దానికి నా పబ్లిక్ ఐపీలో ఫలానా పోర్టు ఇచ్చాను, జవాబు వస్తే వెనక్కి పంపాలి అని. లోపలివాళ్లు ముందు బయటికి వెళ్తేనే ఆ పట్టికలో వరుస పడుతుంది. మీరు హైదరాబాద్ నుంచి నేరుగా తట్టే పోర్టుకి అక్కడ వరుసే లేదు, కాబట్టి ఎవరింటికి పంపాలో దానికి తెలియదు, పారేస్తుంది. ఒక పబ్లిక్ ఐపీకి 65,536 పోర్టులుంటాయి. ఆ ఐపీని 64 మందికి పంచితే మనిషికి వెయ్యి చిల్లర పోర్టులు వస్తాయి, బ్రౌజింగుకీ వీడియోలకీ అది సరిపోతుంది, అందుకే సీజీనాట్ ఉన్నట్టు మామూలు కస్టమర్లకి తెలియనే తెలియదు.

ఆపరేటర్లది కూడా పూర్తిగా తప్పనలేం. మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి ఐపీవీ4 అడ్రసులు పంచే సంస్థ ఏపీనిక్, దాని మామూలు నిల్వ 2011 ఏప్రిల్‌లోనే అయిపోయింది. మిగిలిన చివరి వాటాలోంచి ఒక్కో సంస్థకి 1,024 అడ్రసులకి మించి ఇవ్వలేదు, 2019లో దాన్ని 512కి తగ్గించారు. ఆ తర్వాత వ్యాపారం మొదలుపెట్టిన ఆపరేటర్ ఐదు వేల ఇళ్లకి కనెక్షన్లిస్తే ఇంటికో పబ్లిక్ ఐపీ ఎక్కణ్నుంచి తెస్తాడు? కొనుక్కోవాలి, లేదా పంచాలి. నాకు కోపం వచ్చేది పంచినందుకు కాదు, కనెక్షన్ ఇచ్చేటప్పుడు ఆ మాట చెప్పనందుకు. కెమెరాలు పెట్టుకుంటామని కస్టమర్ ముందే చెప్పినా చెప్పరు.

ఒకవేళ రెండు ఐపీలూ కలిస్తే మీ పని తేలిక. మీరు పోర్ట్ ఫార్వార్డింగ్ పెట్టింది రెండో పెట్టెలో, మొదటి పెట్టె దగ్గరే అది ఆగిపోతోంది. ఫైబర్ బాక్స్‌లో DMZ అని ఉంటే అందులో 192.168.1.2 వేయండి, లేదా ఆపరేటర్‌కి చెప్పి బాక్స్‌ని బ్రిడ్జ్‌లో పెట్టించి, పీపీపీఓఈ యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ మీ రూటర్‌లో వేసుకోండి. రెండోదే నాకిష్టం, పెట్టెల మధ్య గందరగోళం పూర్తిగా పోతుంది. పరీక్ష మాత్రం మొబైల్ డేటా నుంచే చేయాలి. అదే వైఫైలో ఉండి పబ్లిక్ ఐపీ కొడితే కొన్ని రూటర్లు వెనక్కి తిప్పుతాయి, కొన్ని తిప్పవు, అది చూసి ఏమీ చెప్పలేం.

కలవకపోతే మొదట ఆపరేటర్‌ని పబ్లిక్ ఐపీ ఇస్తారేమో అడగండి. ఇక్కడ మాట ముఖ్యం. "స్టాటిక్ ఐపీ కావాలి" అనకండి, "పబ్లిక్ ఐపీవీ4 కావాలి, సీజీనాట్ లోంచి తీసేయండి" అనండి. విజయనగరంలో ఒక క్లినిక్‌కి నేనే స్టాటిక్ ఐపీ పెట్టించమని చెప్పాను. వాళ్లు నెలనెలా కట్టడం మొదలుపెట్టారు, ఐపీ వచ్చింది, అయినా ఏదీ తెరుచుకోవట్లేదు. వెళ్లి చూస్తే INTERNET వరుసలో 100.66తో మొదలయ్యే ఐపీ. రోజూ మారకుండా అదే ఉంటోంది, అంటే మాట ప్రకారం స్టాటిక్కే, కానీ ఉన్నది సీజీనాట్ లోపలే. మూడు నెలల డబ్బు వృథా. స్టాటిక్ అంటే మారనిది, పబ్లిక్ అంటే బయటినుంచి చేరగలిగేది, రెండూ వేరు. నిజానికి మీకు పబ్లిక్ ఉంటే చాలు, మారుతూ ఉన్నా డీడీఎన్ఎస్ చూసుకుంటుంది. డబ్బు కట్టిన రోజే బాక్స్ రీస్టార్ట్ చేసి, పైన చెప్పిన పోలిక మళ్లీ చేయండి.

పబ్లిక్ ఐపీ వచ్చినా ఎన్‌వీఆర్ పోర్టుని నేరుగా బయటికి తెరవొద్దని నా గట్టి అభిప్రాయం. 2016లో మిరాయ్ అనే బాట్‌నెట్ ఇంటర్నెట్‌లో పెద్ద పెద్ద సైట్లని గంటల తరబడి ఆపేసింది, అది పాకింది ఎక్కువగా ఇలాంటి కెమెరాలూ డీవీఆర్‌లలోనే, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చకుండా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టినవాటిలో. బిల్లింగ్ కంప్యూటర్ రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389 అయితే అసలే వద్దు. కాబట్టి పబ్లిక్ ఐపీ ఉన్నా లేకపోయినా ఇప్పుడు చెప్పబోయే టన్నెల్ దారే మంచిది.

ఐపీవీ6 సంగతి చాలామంది అడుగుతారు. `curl -6 https://api6.ipify.org` కొడితే 2తో మొదలయ్యే అడ్రస్ వస్తే మీ లైన్‌లో అది ఉన్నట్టే, దానికి సీజీనాట్ బాధ లేదు. కానీ ఫైబర్ బాక్స్ ఫైర్‌వాల్ బయటినుంచి వచ్చేవాటిని ఆపుతుంది, చాలా బాక్సుల్లో దాన్ని తెరిచే మీట కస్టమర్‌కి ఇవ్వరు, అడ్రస్ కూడా రీస్టార్ట్‌కి మారుతుంది, పాత ఎన్‌వీఆర్‌లకి ఐపీవీ6 రాదు. మీ విషయంలో దాని మీద టైమ్ పెట్టొద్దనే చెబుతాను.

టన్నెల్. మిల్లుకి నేను పెట్టింది ఇది, మీకూ ఇదే సరిపోతుంది. నెలకి కొద్దిపాటి డబ్బుకి దొరికే చిన్న వీపీఎస్, అంటే అద్దె సర్వర్, ఒకటి తీసుకోవాలి, ముంబైలోనో బెంగళూరులోనో ఉన్నది చూసుకోండి. దానికి సొంత పబ్లిక్ ఐపీ ఉంటుంది. యూనిట్‌లో ఉన్న రూటర్ తనంతట తానే బయటికి వెళ్లి వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో ఆ వీపీఎస్‌ని పట్టుకుంటుంది. బయటికి వెళ్లేదాన్ని సీజీనాట్ ఆపదు. మీ ఫోన్ కూడా అదే వీపీఎస్‌ని పట్టుకుంటుంది. ఇద్దరూ అక్కడ కలుస్తారు.

మొదలుపెట్టే ముందు యూనిట్ రూటర్ లోపలి నెట్‌వర్క్ మార్చండి. 192.168.0 అని వదిలేస్తే, హైదరాబాద్‌లో మీ ఇంటి వైఫై కూడా అదే అయితే ఫోన్ "ఇది ఇక్కడిదేగా" అనుకుని టన్నెల్‌లోకి పంపదు. నేను మిల్లులో 192.168.57 పెట్టాను, ఎవరింట్లోనూ మామూలుగా ఉండని అంకె. వీపీఎస్‌లో `/etc/wireguard/wg0.conf` ఇలా ఉంటుంది:

```
[Interface]
Address = 10.9.0.1/24
ListenPort = 51820
PrivateKey = VPS_PRIVATE

[Peer]
PublicKey = ROUTER_PUBLIC
AllowedIPs = 10.9.0.2/32, 192.168.57.0/24

[Peer]
PublicKey = PHONE_PUBLIC
AllowedIPs = 10.9.0.3/32
```

యూనిట్ రూటర్‌లో:

```
[Interface]
Address = 10.9.0.2/24
PrivateKey = ROUTER_PRIVATE

[Peer]
PublicKey = VPS_PUBLIC
Endpoint = 198.51.100.20:51820
AllowedIPs = 10.9.0.0/24
PersistentKeepalive = 25
```

VPS_PRIVATE లాంటి చోట్ల మీ కీలు, 198.51.100.20 చోట మీ వీపీఎస్ ఐపీ వేసుకోవాలి. ఫోన్‌లో కూడా ఇలాంటిదే, అడ్రస్ 10.9.0.3/24, AllowedIPs దగ్గర 10.9.0.0/24తో పాటు 192.168.57.0/24 కూడా వేయాలి. వీపీఎస్‌లో `sysctl -w net.ipv4.ip_forward=1` చేయాలి, రీబూట్ తర్వాత కూడా ఉండేలా `/etc/sysctl.d/99-wg.conf`లో `net.ipv4.ip_forward=1` అని రాయాలి. యూడీపీ 51820ని వీపీఎస్ కంపెనీ ప్యానెల్‌లో ఉన్న ఫైర్‌వాల్‌లో కూడా తెరవాలి, అది మర్చిపోయి లోపల గంటలు గంటలు వెతికేవాళ్లున్నారు. మీ రూటర్‌లో వైర్‌గార్డ్ లేకపోతే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కే రూటర్ ఒకటి కొనండి. అందులో Route Allowed IPs అనే టిక్ పెట్టాలి, వైర్‌గార్డ్ ఇంటర్‌ఫేస్‌ని lan జోన్‌లో చేర్చాలి. జోన్‌లో చేర్చడం మర్చిపోతే రూటర్ నుంచి వీపీఎస్‌కి హ్యాండ్‌షేక్ కుదురుతుంది, ఎన్‌వీఆర్ మాత్రం అందదు.

ఆ 25 అనే అంకె దగ్గర నేనొకసారి దెబ్బతిన్నాను. మిల్లులో అంతా పెట్టి, ఫోన్‌లో కెమెరాలు చూపించి, సంతోషంగా బస్సెక్కాను. చిలకపాలెం దాటేసరికి ఫోన్, కెమెరాలు రావట్లేదని. తిరిగి వెళ్లి రూటర్ నుంచి వీపీఎస్‌కి ఒక పింగ్ కొట్టగానే మళ్లీ వచ్చేశాయి. విషయం ఏంటంటే PersistentKeepalive వరుస నేను రాయలేదు. నేనక్కడ ఉన్నంతసేపూ ఏదో ఒకటి టన్నెల్‌లో వెళ్తూనే ఉంది, కాబట్టి ఆపరేటర్ పట్టికలో మా వరుస బతికే ఉంది. నేను వచ్చేశాక లోపలినుంచి ఎవరూ బయటికి వెళ్లలేదు. యూడీపీ వరుసని ఆ పెట్టెలు ఎక్కువసేపు ఉంచవు, కొన్ని అర నిమిషానికే కొట్టేస్తాయి. వరుస పోయాక వీపీఎస్ ఎంత తట్టినా లోపలికి దారి లేదు. 25 సెకన్లకోసారి రూటర్ ఒక చిన్న ప్యాకెట్ పంపుతూ ఉంటే ఆ వరుస చెరిగిపోదు, అంతే. అది రూటర్ వైపు ఉండాలి, వీపీఎస్ వైపు పెడితే సరిపోదు.

పనిచేస్తోందో లేదో వీపీఎస్‌లో `wg show` కొట్టి చూడండి. రూటర్ పబ్లిక్ కీ కింద latest handshake రెండు మూడు నిమిషాల లోపు ఉంటే టన్నెల్ ఉన్నట్టు. అది ఉండి, ఫోన్ నుంచి 192.168.57.1 పలికి, ఎన్‌వీఆర్ మాత్రం పలక్కపోతే టన్నెల్‌ని వదిలేసి ఎన్‌వీఆర్ నెట్‌వర్క్ పేజీకి వెళ్లండి. పాత నెట్‌వర్క్ తాలూకు గేట్‌వే అందులో అలాగే ఉండి ఉంటుంది. గేట్‌వే 192.168.57.1 అని లేకపోతే, మీ 10.9.0.3కి జవాబు ఎటు పంపాలో దానికి తెలియదు. యూనిట్‌లో ఉన్నవాళ్లకి టీవీలో కెమెరాలు బాగానే కనబడతాయి, అందుకే ఎవరికీ ఆ అనుమానం రాదు.

వీడియో అంతా వీపీఎస్ మీదుగా వెళ్తుంది కాబట్టి డేటా లెక్క చూసుకోండి. 4 ఎంబీపీఎస్ ఉన్న ఒక కెమెరా మెయిన్ స్ట్రీమ్ గంటసేపు చూస్తే 1.8 జీబీ. అదే కెమెరా సబ్ స్ట్రీమ్ 512 కేబీపీఎస్ అయితే గంటకి 230 ఎంబీ చిల్లర. ఫోన్‌లో చూడటానికి సబ్ స్ట్రీమే పెట్టుకోండి, ఏదైనా జరిగినప్పుడు మాత్రమే మెయిన్.

వీపీఎస్, కీలు ఇదంతా టెన్షన్ అనిపిస్తే టెయిల్‌స్కేల్ వేసుకోండి. యూనిట్‌లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక చిన్న మెషీన్ మీద దాన్ని సబ్‌నెట్ రూటర్‌గా పెడితే ఎన్‌వీఆర్ దాకా చేరొచ్చు. అది సీజీనాట్ లోంచి రెండు వైపులా నేరుగా కలపడానికి ప్రయత్నిస్తుంది, కుదరకపోతే తన రిలే మీదుగా పంపుతుంది. రిలే పడినప్పుడు వీడియో నత్తనడక నడుస్తుంది. ఒక్కరే చూసుకోవడానికి అది చాలు. మిల్లులో ఐదారుగురు చూస్తారు, అందుకే అక్కడ నేను వీపీఎస్ పెట్టాను.

బిల్లింగ్ కంప్యూటర్‌కి టన్నెల్ లోంచే రిమోట్ డెస్క్‌టాప్ వాడండి, అడ్రస్ దాని 192.168.57 ఐపీయే. విండోస్ హోమ్ అయితే దాంట్లోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో వెళ్లలేం, ప్రో ఉండాలి. రేపు ఆర్డర్లు తీసుకోవడానికి ఆ కంప్యూటర్ మీదే వెబ్‌సైట్ నడపాలనుకుంటే, అంటే తెలియని కస్టమర్లు కూడా రావాలంటే, వాళ్లందరి ఫోన్లలో వైర్‌గార్డ్ పెట్టలేరు కదా. అప్పుడు వీపీఎస్ మీద ఎన్‌జిన్ఎక్స్ పెట్టి టన్నెల్‌లోంచి లోపలికి పంపొచ్చు, లేదా క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ వాడొచ్చు, అది కూడా లోపలినుంచే బయటికి వెళ్లే రకం. యూనిట్‌లో ఉన్న సర్వర్ మీదే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ తీయాలంటే 80 పోర్టు మీద వాళ్లు వచ్చి చూసే పద్ధతి సీజీనాట్ వెనక ఫెయిలవుతుంది, డీఎన్ఎస్ రికార్డు పెట్టే పద్ధతి ఎంచుకోవాలి. అయితే పలాసలో కరెంటు పోయినప్పుడల్లా సైట్ కూడా పోతుంది, సైట్ చిన్నదైతే దాన్ని నేరుగా వీపీఎస్ మీదే పెట్టేయడం నయం.

ముందు మాత్రం INTERNET వరుస ఐపీలో మొదటి రెండు అంకెలు, curl ఇచ్చిన ఐపీలో మొదటి రెండు అంకెలు, tracertలో మొదటి నాలుగు వరుసలు ఇక్కడ పెట్టండి. పబ్లిక్ ఐపీ పూర్తిగా పెట్టకండి. రూటర్ మోడల్ కూడా రాస్తే అందులో వైర్‌గార్డ్ ఎక్కుతుందో లేదో చూసి చెబుతాను.